ఇన్వర్టింగా, నాన్-ఇన్వర్టింగా: సెన్సర్ ముందు ఏది మేలు?

సెన్సర్ నుంచి 0.2 వోల్టు వస్తోంది, దాన్ని పది రెట్లు చెయ్యాలి. ఆప్-ఆంప్ ఒకటి, రెసిస్టర్లు రెండు చాలు, కానీ వాటిని రెండు రకాలుగా పెట్టొచ్చు. పరీక్షకి చదివేవాళ్ళు -R2/R1 అని ఒకటి, 1 + R2/R1 అని ఇంకోటి బట్టీపట్టి వెళ్ళిపోతారు, ఆ రెండు ఫార్ములాలు చూస్తే తేడా అంతా మైనస్ గుర్తులోనే ఉందనిపిస్తుంది. అసలు తేడా అక్కడ లేదు. వర్చువల్ షార్ట్ ఏ వోల్టేజ్ దగ్గర నిలబడిందో చూడాలి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

ముందు ఈ వర్చువల్ షార్ట్ ఎక్కడిది? ఆప్-ఆంప్ చేసే పని ఒక్కటే: ప్లస్ పిన్‌కీ మైనస్ పిన్‌కీ మధ్య తేడాని బోలెడంత గెయిన్‌తో గుణించి అవుట్‌పుట్‌లో పెట్టడం. ఆ గెయిన్ లక్ష అనుకోండి, అవుట్‌పుట్‌లో 2 వోల్టులు కనిపిస్తున్నాయంటే ఇన్‌పుట్ పిన్‌ల మధ్య ఉన్నది 20 మైక్రోవోల్టులే. మల్టీమీటర్‌కి అది సున్నా. ఐడియల్ ఆప్-ఆంప్ అంటే గెయిన్ అనంతం అనుకోవడమే కాబట్టి తేడా సరిగ్గా సున్నా అని రాసేస్తాం. ఇంకో మాట కూడా ఉంది, పిన్‌లలోకి కరెంట్ పోదు. నిజం షార్ట్ అయితే తీగలో కరెంట్ పారుతుంది, ఇక్కడ వోల్టేజ్ మాత్రమే సమానం, కరెంట్ సున్నా. ఈ రెండూ పట్టుకుంటే ఫార్ములాతో పని లేదు.

ఇన్వర్టింగ్‌లో సెన్సర్ R1 మీదుగా మైనస్ పిన్‌కి వస్తుంది, R2 ఆ పిన్ నుంచి అవుట్‌పుట్‌కి పోతుంది. ప్లస్ పిన్ గ్రౌండ్‌కి కట్టేసి ఉంటుంది, కాబట్టి మైనస్ పిన్ కూడా సున్నా దగ్గరే ఉండాలి. R1 = 10 కిలోఓమ్‌లు, R2 = 100 కిలోఓమ్‌లు పెడదాం. R1కి ఒక కొసన 0.2 వోల్టు, ఇంకో కొసన సున్నా, అంటే 20 మైక్రోఆంపియర్లు. ఆ కరెంట్ పిన్‌లోకి పోలేదు కాబట్టి మొత్తం R2లోంచే పోవాలి, అక్కడ 2 వోల్టుల డ్రాప్ వస్తుంది. సున్నా నుంచి 2 దిగితే అవుట్‌పుట్ -2 వోల్టులు. మైనస్ గుర్తు ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు, కరెంట్ అటు పారింది కాబట్టి వచ్చింది.

నాన్-ఇన్వర్టింగ్‌లో సెన్సర్ నేరుగా ప్లస్ పిన్‌కి, R1 మైనస్ పిన్ నుంచి గ్రౌండ్‌కి. R1 అదే 10 కిలోఓమ్‌లు, R2 మాత్రం 90. ఇప్పుడు మైనస్ పిన్ సున్నా దగ్గర ఉండదు, 0.2 దగ్గర ఉంటుంది, సెన్సర్ ఎటు కదిలితే అటు కదులుతుంది. R1లో మళ్ళీ 20 మైక్రోఆంపియర్లే, కానీ ఈసారి అది సెన్సర్ ఇచ్చింది కాదు, అవుట్‌పుట్ నుంచి R2 మీదుగా వచ్చింది. R2 మీద 1.8, కింద 0.2, మొత్తం 2 వోల్టులు.

ఇక్కడే తీర్పు సగం అయిపోయింది. మొదటి దాంట్లో ఆ 20 మైక్రోఆంపియర్లు సెన్సర్ జేబులోంచి, రెండో దాంట్లో ఆప్-ఆంప్ సప్లై నుంచి. సెన్సర్ లోపల రెసిస్టెన్స్ ఏమీ లేకపోతే ఎవరిస్తే ఏంటి, కానీ అలాంటి సెన్సర్ అరుదు. లోపల 10 కిలోఓమ్‌లు ఉన్న సెన్సర్‌ని ఇన్వర్టింగ్‌కి తగిలించి చూడండి. సున్నా దగ్గరున్న మైనస్ పిన్ దాకా ఇప్పుడు మొత్తం 20 కిలోఓమ్‌లు, కరెంట్ 10 మైక్రోఆంపియర్లకి పడిపోయింది, అవుట్‌పుట్ -1 వోల్టే. పది రెట్లు అనుకున్నది ఐదు రెట్లయింది. సర్క్యూట్ తప్పు కట్టామేమో అని రెసిస్టర్లు మార్చి మార్చి చూసేది ఇలాంటప్పుడే. సెన్సర్ తగిలించి ఉండగా R1కి సెన్సర్ వైపు కొసన మీటర్ పెడితే 0.2 బదులు 0.1 కనిపిస్తుంది, సగం అక్కడే పోయిందని తెలిసిపోతుంది. అదే సెన్సర్‌ని ప్లస్ పిన్‌కి పెడితే కరెంటే లేదు కాబట్టి లోపలి 10 కిలోఓమ్‌ల మీద డ్రాప్ లేదు, అవుట్‌పుట్ నిండుగా 2 వోల్టులు.

R1ని 1 మెగాఓమ్ చేస్తే సరిపోదా అంటారు. కాగితం మీద దాదాపు సరిపోతుంది. కానీ గెయిన్ పది కావాలంటే R2 10 మెగాఓమ్‌లు కావాలి, నిజం ఆప్-ఆంప్ పిన్ 20 నానోఆంపియర్లు తాగినా ఆ R2 వల్ల అవుట్‌పుట్‌లో 0.2 వోల్టు తప్పు చేరుతుంది. వోల్టేజ్ ఇచ్చే సెన్సర్‌కి నా ఓటు నాన్-ఇన్వర్టింగ్‌కే.

అలాగని ఇన్వర్టింగ్‌ని పక్కన పడేయకండి. మైనస్ పిన్ సున్నా దగ్గర కదలకుండా ఉండడం కొన్ని చోట్ల వరం. రెండు సిగ్నళ్ళు కలపాలనుకోండి, ఒకటి 0.2, ఇంకోటి 0.3, చెరో 10 కిలోఓమ్‌ల ద్వారా అదే పిన్‌కి. ఒకదానిది 20 మైక్రోఆంపియర్లు, రెండోదానిది 30, కలిపి 50, R2 100 కిలోఓమ్‌లైతే అవుట్‌పుట్ -5 వోల్టులు. కలిసే చోటు కదలట్లేదు కాబట్టి ఒక సిగ్నల్ మారినా రెండోదాని కరెంట్ మారదు. ఇదే పని ప్లస్ పిన్ దగ్గర చేస్తే ఆ చోటు వోల్టేజ్ ఊగుతూ ఉంటుంది, ఒక సోర్స్ నుంచి ఇంకో సోర్స్‌లోకి కరెంట్ పోతుంది. ఆడియో మిక్సర్‌లకి ఇన్వర్టింగ్ నచ్చేది ఇందుకే. ఫోటోడయోడ్ ముందు కూడా అంతే: అది ఇచ్చేది కరెంట్, R1 అసలు అక్కర్లేదు, 5 మైక్రోఆంపియర్లు 200 కిలోఓమ్‌ల R2లోంచి పోతే 1 వోల్టు, డయోడ్ మీద మాత్రం సున్నా.

ఇంక సప్లై సంగతి. ఒక్క 5 వోల్టుల సప్లైతో ఎల్‌ఎమ్358 పెట్టి, పాజిటివ్ సెన్సర్‌ని గ్రౌండ్ రిఫరెన్స్‌తో ఇన్వర్టింగ్‌కి కలిపితే పని జరగదు. అవుట్‌పుట్ -2కి పోవాలి, పోలేదు, సున్నా దగ్గర ఆగిపోతుంది. అప్పుడు వర్చువల్ షార్ట్ కూడా పోయినట్టే. మైనస్ పిన్, అంటే 2వ పిన్, దగ్గర మీటర్ పెట్టండి: సున్నా రావాల్సిన చోట 0.18 వోల్టు వస్తుంది, ఎందుకంటే R1, R2 ఇప్పుడు ఉత్త డివైడర్‌గా మిగిలాయి. నాన్-ఇన్వర్టింగ్‌కీ పై హద్దు ఉంది. 5 వోల్టులకి ఎల్‌ఎమ్358 అవుట్‌పుట్ సుమారు 3.5 దాటదు, ఇన్‌పుట్ 0.4 ఇస్తే మైనస్ పిన్ 0.35 దగ్గరే ఆగిపోతుంది. రెండు పిన్‌ల మధ్య మీటర్‌కి కనిపించేంత తేడా ఉందంటే ఫార్ములా చూడ్డం ఆపి సప్లై చూడాలి.

వర్చువల్ షార్ట్ అస్సలు పట్టుకోలేని తప్పు ఒకటుంది. ప్లస్, మైనస్ పిన్‌లు తారుమారైతే కాగితం మీద లెక్క ఏమాత్రం మారదు, V+ = V- అని రాస్తే అదే -10, అదే +10 వస్తాయి. బోర్డు మీద మాత్రం ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ అయి అవుట్‌పుట్ ఏదో ఒక సప్లై హద్దుకి అతుక్కుపోతుంది, ఇన్‌పుట్ కొద్దిగా కదిపినా కదలదు. అందుకని లెక్క మొదలుపెట్టే ముందు R2 రెండో కొస మైనస్ పిన్‌కే వెళ్తోందో లేదో ఒకసారి చూసుకోండి, రెండు సర్క్యూట్లలోనూ.