వేడితో మూస్తే ఒకటి, వెలుగుతో మూస్తే ఇంకొకటి

చెన్నైలో నెట్ పరీక్షకు చదివే మన తెలుగు పిల్లలు గొలుసు అణువు చివర్లు కలిసి వలయంగా మూసుకునేటప్పుడు అవి ఎటు తిరుగుతాయో 'వేడికి ఏది, వెలుగుకి ఏది' అని బట్టీ పట్టి టెన్షన్ పడుతుంటారు. విటమిన్ డికి ముందు రూపమైన ప్రీవిటమిన్ డి అణువును చూస్తే ఆ బట్టీ అక్కర్లేదు.

అందులో మూడు జంట బంధాలు, అంటే 6 పై ఎలక్ట్రాన్లు ఉన్నాయి. మామూలు స్థితిలో అవి నిండిన ఆర్బిటాల్స్‌లో అన్నిటికన్నా ఎత్తైనది ψ3. దాని రెండు చివర్లలో ఒకే గుర్తున్న లోబ్‌లు, అంటే ఆర్బిటాల్ భాగాలు, ఒకే వైపున ఉంటాయి. అవి కలవాలంటే చివర్లు ఎదురెదురుగా తిరగాలి: డిస్‌రొటేటరీ. అందుకే బాగా వేడిచేస్తే వచ్చే పైరో, ఐసోపైరో అనే వలయ రూపాల్లో 9వ కార్బన్ మీది హైడ్రోజన్, 10వ దాని మీది మిథైల్ ఒకే వైపున ఉంటాయి.

యూవీ కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ ψ4కి ఎక్కుతుంది. ఇక్కడ చివరి లోబ్‌ల గుర్తులు తారుమారు. రెండు చివర్లూ ఒకే దిశలో తిరగాలి: కన్‌రొటేటరీ. ఆ హైడ్రోజన్, మిథైల్ ఎదురు వైపులకు పోతాయి. ఏ దారిన మూసుకుందో ఉత్పన్నంలో ఈ రెండూ ఎటున్నాయో చూస్తే తేలిపోతుంది.

నాకైతే అసలు మజా మూడో దారిలో ఉంది. ఒంటి వేడికి వలయం మూసుకోదు. హైడ్రోజన్ తన బంధంతో సహా గొలుసులో ఒకటో చోటు నుంచి ఏడో చోటుకి జరగడంతో, అంటే 1,7 సిగ్మాట్రోపిక్ జరుగుడుతో, విటమిన్ డి వస్తుంది. ఆ 6 పై ఎలక్ట్రాన్లకు హైడ్రోజన్ బంధంలోని 2 కలిపి ఇక్కడ లెక్కకు 8 ఎలక్ట్రాన్లు, కాబట్టి హైడ్రోజన్ ఒక ముఖం నుంచి ఎదుటి ముఖానికి దాటాలి. గొలుసు మెలి తిరిగి ఉండబట్టి అది సాధ్యమైంది. బిగుసుకున్న చిన్న వలయంలో అయితే కుదరదు.