మొగల్రాజపురంలో కోవర్కింగ్ సీటు: ఏడాది దాటాక కాల్ క్యాబిన్ల గురించి

విజయవాడ మొగల్రాజపురంలో ఒక కోవర్కింగ్ స్పేస్‌లో సీటు తీసుకుని ఏడాది దాటింది. నేను డాక్యుమెంటరీలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. రోజంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాటలు వినాలి, మధ్యమధ్యలో క్లయింట్లతో మాట్లాడాలి. వైఫై, ఏసీ, జనరేటర్ అన్నీ బాగానే ఉన్నాయి. నా కోపమల్లా కాల్ క్యాబిన్ల మీదే. వాటిని చూసే డబ్బు కట్టాను.

అంతకుముందు బెంజి సర్కిల్, గురునానక్ కాలనీ వైపు కేఫ్‌లలో కూర్చునేదాన్ని. పదకొండు నుంచి నాలుగు వరకూ ప్రశాంతంగా ఉండేవి. సాయంత్రం కాలేజీ పిల్లలు వస్తారు, శని ఆదివారాల్లో పుట్టినరోజు కేకులు కోస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నాలూ కుదరవు, ఎండకు తాళలేక అందరూ ఏసీ ఉన్న చోటికే చేరతారు. మిల్క్‌షేక్ బ్లెండర్ మోత నన్నంతగా ఇబ్బంది పెట్టలేదు, అర నిమిషంలో ఆగిపోతుంది. పక్క టేబుల్ మాటలే కష్టం. అర్థమయ్యే మాట చెవిలో పడుతుంటే ఇంకో మాట విని రాయడం నావల్ల కాదు. అందుకే కోవర్కింగ్‌కి మారాను.

క్యాబిన్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మూడు పక్కలా గాజు, లోపల చిన్న బల్ల, తలుపు వేస్తే హాల్లో శబ్దం తగ్గినట్టే ఉంటుంది. ఒకసారి ఢిల్లీలో ఉన్న దర్శకురాలితో స్క్రిప్టు మాట్లాడుతున్నాను. పక్క క్యాబిన్‌లో ఒకాయన కారు లోన్ కిస్తీ గురించి బ్యాంకు వాళ్లతో గొడవ పడుతున్నారు. కాసేపటికి ఆవిడ "మీ పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, మనం ఇది తర్వాత మాట్లాడదామా?" అన్నారు. ఆ సినిమా ఇంకా విడుదల కాలేదు, అందులో మాట్లాడిన మనుషుల పేర్లు బయటికి పోకూడదు. ఆవిడ అనుమానం న్యాయమైనదే. ఆయన మాటలు నాకు వినిపిస్తున్నాయంటే నా మాటలూ ఆయనకు వినిపిస్తున్నట్టే కదా. హెడ్‌ఫోన్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఫ్యాన్ హోరును బాగా తగ్గిస్తుంది కానీ పక్క మనిషి గొంతును పూర్తిగా ఆపలేదు.

కారణం తర్వాత ఏసీ మెకానిక్ వచ్చినప్పుడు తెలిసింది. ఆయన ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీస్తే పైన అంతా ఖాళీ. క్యాబిన్ గోడలు ఆ పలకల దాకా వచ్చి ఆగిపోయాయి, అసలు స్లాబ్‌ను తాకనే లేదు. పలుచని పలకల్లోంచి మాట పైకి వెళ్లి పక్క క్యాబిన్‌లోకి దిగుతుంది. తలుపు కింద వేలు పట్టేంత సందు కూడా ఉంది.

నేను గట్టిగా అడిగాక లోపల ఫోమ్ అతికించారు. దాంతో గాజు వల్ల వచ్చే ప్రతిధ్వని తగ్గింది, అవతలివాళ్లకు నా గొంతు బాత్‌రూమ్‌లోంచి వచ్చినట్టు వినిపించడం మానేసింది. అది నిజంగా మేలే. కానీ ఫోమ్ గదిలో శబ్దాన్ని పీల్చుకుంటుందే తప్ప గోడ దాటి పోకుండా ఆపదు. పక్క మాటలు అలాగే వస్తున్నాయి. గోడను స్లాబ్ దాకా పెంచమంటే బిల్డింగ్ యజమాని ఒప్పుకోవాలి అన్నారు.

మొదట్లో ఇక్కడి హాలు లైబ్రరీలా ఉంటుందని స్నేహితులకు చెప్పాను. అప్పుడు అది నిజం. తర్వాత ఉద్యోగాలకు మనుషుల్ని వెతికే ఒక టీమ్ కిటికీ పక్క వరస మొత్తం తీసుకుంది, పొద్దున్నుంచీ ఫోన్లే. ఇప్పుడు నేను మూలన, ఫైళ్ల బీరువా పక్కన కూర్చుంటున్నాను. అక్కడ ఫర్వాలేదు.

సీటు చూడ్డానికి వెళ్లేవాళ్లు వెంట ఒకరిని తీసుకెళ్లండి. వాళ్లు ఒక క్యాబిన్‌లో కూర్చుని మామూలు గొంతుతో పేపరు చదవాలి, మీరు పక్క క్యాబిన్‌లో తలుపేసుకుని వినాలి. ఏదో గొణుగుడు వినిపిస్తే పర్లేదు. మాటలు విడివిడిగా అర్థమైతే అది గాజు పెట్టె మాత్రమే. పక్క వరసలో ఉన్న టీమ్ ఏం పని చేస్తుందో కూడా మేనేజర్‌ని అడగండి. ఆదివారం కాకుండా పనిరోజు మధ్యాహ్నం వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

నేను మాత్రం సీటు ఇంకా వదల్లేదు, మూడేసి నెలలకు కడుతున్నాను. మా ఇంట్లో రెండే గదులు, పైన ఇంకో అంతస్తు కడుతున్నారు, పగలంతా డ్రిల్లింగ్. నాకు కాల్స్ వారానికి ఒకటో రెండో, ముఖ్యమైనవి రాత్రి పూట ఇంట్లోనే పెట్టుకుంటున్నాను. కోడింగ్, డిజైన్ చేసుకునేవాళ్లకు ఈ చోటు సరిపోతుంది. రోజూ క్లయింట్లతో మాట్లాడేవాళ్లకు, ముఖ్యంగా బయట పడకూడని విషయాలు మాట్లాడేవాళ్లకు, ఆ క్యాబిన్లను చూసి డబ్బు కట్టమని నేను చెప్పలేను.