సాల్వెంటుకు ఏ తొడుగు, ఆమ్లానికి ఏ తొడుగు: నైట్రైల్, లేటెక్స్, నియోప్రీన్‌లలో ఏది మేలు?

మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారంలో నాణ్యతా పరీక్షల లాబ్ అంటే ఒకే మధ్యాహ్నం ఒకే మనిషి చేతుల మీదుగా మూడు రకాల పనులు జరిగే చోటు. కడిగిన గాజు సామాను త్వరగా ఆరడానికి అసిటోన్‌తో తొలుస్తాం. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పెద్ద సీసాలోంచి కొలజాడీలోకి వంపుకుంటాం. తేమ శాతం చూడటానికి 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టిన తూకపు సీసాలను బయటికి తీస్తాం. ఈ మూడింటికీ బల్ల మీదున్న పెట్టెలోంచి నీలిరంగు పల్చటి నైట్రైల్ గ్లవ్స్ లాగి తొడుక్కోవడం నాకు చాలా ఏళ్లు అలవాటు. నిజానికి ఆ మూడు పనుల్లో ఒక్కదానికి కూడా అవి సరైనవి కావు.

చిల్లు పడలేదు కాబట్టి లోపలికి ఏమీ రాలేదనుకోవడం దగ్గరే పొరపాటంతా మొదలవుతుంది. సాల్వెంటు తొడుగులోకి చిల్లులోంచి మాత్రమే రాదు. అది రబ్బరులో కరిగి, అణువు వెంట అణువుగా దాని గుండా ప్రయాణించి, లోపలి వైపు ఆవిరిగా తేలుతుంది. బయటికి తొడుగు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో కారెన్ వెట్టర్‌హాన్ అనే రసాయన శాస్త్రవేత్త లేటెక్స్ తొడుగు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. తరువాత జరిపిన పరీక్షల్లో ఆ ద్రవం అలాంటి తొడుగును 15 సెకన్లలోపే దాటిపోతుందని తేలింది. ఆమె 1997 జూన్‌లో పాదరసపు విషప్రభావంతో మరణించారు. మన లాబుల్లో వాడే సాల్వెంట్లు అంత ఘోరమైనవి కావు గానీ, రబ్బరును దాటే దారి మాత్రం వాటికీ అదే.

దీన్ని కంటితో చూడాలనుకునేవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. కొత్త నైట్రైల్ గ్లవ్ మధ్యవేలిని కత్తిరించి, అందులో 5 మి.లీ. అసిటోన్ పోసి, మూతిని దారంతో గట్టిగా బిగించి, తూచి, ఫ్యూమ్ హుడ్‌లో వేలాడదీసి, పది నిమిషాలకొకసారి మళ్లీ తూచాలి. ఒక్క చుక్క కూడా బయటికి కారదు, కానీ బరువు మాత్రం తూచిన ప్రతిసారీ తగ్గుతూ పోతుంది, వేలు మెత్తబడి, ఉబ్బి, సాగి వేలాడుతుంది. అదే వేలిలో హెక్సేన్ పోస్తే బరువులో మార్పు చాలా స్వల్పంగా ఉంటుంది. ఇప్పుడు నైట్రైల్ స్థానంలో లేటెక్స్ వేలిని పెడితే కథ తిరగబడుతుంది: హెక్సేన్‌కు అది గాలిబుడగలా ఉబ్బిపోతుంది, అసిటోన్‌కు మాత్రం నైట్రైల్ లొంగినంతగా లొంగిపోదు.

కారణం రబ్బరు నిర్మాణంలో ఉంది. తనలాంటి ద్రవాన్ని ప్రతి పదార్థమూ తనలోకి లాక్కుంటుంది. లేటెక్స్ చెట్టుపాల నుంచి వచ్చిన శుద్ధ హైడ్రోకార్బన్ గొలుసు కాబట్టి హెక్సేన్, టోలుయిన్, పెట్రోలు, నూనెలు దానికి దగ్గరి చుట్టాలు. నైట్రైల్ గొలుసులో అక్కడక్కడా కార్బన్, నైట్రోజన్ కలిసిన ధ్రువ సమూహాలు ఉంటాయి. అవి నూనెను దూరంగా ఉంచుతాయి, కానీ అసిటోన్ వంటి కీటోన్లను, డైక్లోరోమీథేన్, టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటివాటిని రారమ్మని పిలుస్తాయి. నియోప్రీన్‌లో గొలుసు పొడవునా క్లోరిన్ ఉంటుంది. అందువల్ల అది నూనెల విషయంలో లేటెక్స్ కంటే మెరుగు, నైట్రైల్ కంటే తక్కువ. దాని అసలు బలం వేరే చోట ఉంది, ఆ సంగతి ఆమ్లాల దగ్గర చెబుతాను.

కాబట్టి సాల్వెంట్లకు ఏది మేలు అని అడిగితే, ఏ సాల్వెంటు అని ఎదురు అడగక తప్పదు. హెక్సేన్, హెప్టేన్, ఖనిజ నూనెలు, కిరోసిన్ అయితే సందేహం లేకుండా నైట్రైల్. టోలుయిన్‌కు మందపాటి నైట్రైల్ కొంతసేపు నిలుస్తుంది, మిగతా రెండూ అంతకన్నా ముందే చేతులెత్తేస్తాయి. మిథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దగ్గర మందపాటి నియోప్రీన్ నమ్మదగినది. అసిటోన్‌కు మాత్రం ఈ మూడింటిలో ఏదీ గంటల తరబడి పనికిరాదు. మందపాటి లేటెక్స్, నియోప్రీన్ కొద్ది నిమిషాలు ఆపగలవు, అంతే. చేతులు అసిటోన్‌లో మునిగే పనైతే బ్యూటైల్ రబ్బరు తొడుగు కొనాలి. ఖరీదు ఎక్కువే, వేళ్ల కదలికా మొద్దుగా ఉంటుంది, కానీ ఎనిమిది గంటల షిఫ్టు అంతా ఆగేది అదే. డైక్లోరోమీథేన్ బ్యూటైల్‌ను కూడా త్వరగానే దాటుతుంది. దానికి పలుపొరల ప్లాస్టిక్ ఫిల్మ్ తొడుగును లోపల, మందపాటి నైట్రైల్ లేదా నియోప్రీన్‌ను పైన వేసుకోవడం పద్ధతి.

పదార్థం పేరు కంటే కూడా ఎక్కువగా మోసగించేది మందం. పెట్టెల్లో వచ్చే వాడి పారేసే నైట్రైల్ సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, కడిగి మళ్లీ వాడే పచ్చటి నైట్రైల్ 0.4 మి.మీ. దాకా ఉంటుంది. సాల్వెంటు రబ్బరు గుండా ప్రయాణించడానికి పట్టే సమయం స్థూలంగా మందం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, నాలుగు రెట్ల మందం నాలుగు రెట్ల సమయాన్ని కాదు, పదహారు రెట్ల సమయాన్ని ఇస్తుంది. పల్చటి తొడుగును ఒక ద్రవం ఒక నిమిషంలో దాటితే, అదే రబ్బరుతో చేసిన మందపాటిది సుమారు పావుగంట ఆపుతుందన్నమాట. పైగా పల్చటిది పిడికిలి బిగించినప్పుడు కణుపుల దగ్గర సాగి ఇంకా పల్చబడుతుంది. అందుకే “నైట్రైల్ వేసుకున్నాను” అన్న మాటకు మందం చెప్పకపోతే అర్థం లేదు. పల్చటిది తుంపర నుంచి కాపాడుతుంది. చుక్క పడగానే విప్పి పారేసి, చేయి కడుక్కుని, కొత్తది వేసుకుంటానన్న షరతు మీదే అది పని చేస్తుంది.

పెట్టె మీద ఈఎన్ ఐఎస్‌ఓ 374-1 అన్న గుర్తు, దాని కింద కొన్ని ఆంగ్ల అక్షరాలు ఉంటే వాటిని చదవడం నేర్చుకోవాలి. ఒక్కో అక్షరం ఒక్కో పరీక్షా రసాయనానికి గుర్తు: మొదటి అక్షరం మిథనాల్‌కు, రెండోది అసిటోన్‌కు, ఆరోది టోలుయిన్‌కు, పదోది హెప్టేన్‌కు, పన్నెండోది 96 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లానికి. ఏ అక్షరం లేదో ఆ రసాయనానికి పెట్టె ఏ హామీ ఇవ్వలేదని అర్థం. ఆ పరీక్షలో “దాటింది” అని లెక్కవేసేది చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 1 మైక్రోగ్రాము చేరినప్పుడు. 100 చదరపు సెంటీమీటర్ల మేర తడిసిన తొడుగులో ఆ వేగంతో గంటసేపు దాటితే లోపలికి చేరేది 6 మిల్లీగ్రాములు. అంటే ఆ సమయానికి ముందు కూడా లోపలికి వచ్చేది సున్నా కాదు. పైగా పరీక్ష 23 డిగ్రీల దగ్గర జరుగుతుంది. తొడుగు లోపల చేయి వేడిగా ఉంటుంది, మే నెలలో మన షెడ్డు ఇంకా వేడిగా ఉంటుంది, వేడి పెరిగితే ద్రవం దాటే వేగమూ పెరుగుతుంది.

ఇక ఆమ్లాలు. పల్చబడిన హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలను మూడూ బాగానే ఆపుతాయి, ఎందుకంటే నీటిలోని అయాన్లకు రబ్బరులో కరగడం ఇష్టం ఉండదు. గాఢ ఆమ్లం దగ్గర సమస్య దాటడం కంటే ముందు రబ్బరే చెడిపోవడం. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం పల్చటి నైట్రైల్ మీద పడితే ఆ చోట రంగు మారి, గట్టిపడి, పెళుసై, వేలు వంచగానే పగులుతుంది. ఇది చెప్పుకోదగ్గ వ్యవధి ఏమీ తీసుకోదు. గాఢ నైట్రిక్ ఆమ్లం ఆక్సీకరణ స్వభావం కలది కాబట్టి లేటెక్స్‌నూ నైట్రైల్‌నూ తినేస్తుంది. పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లం నైట్రైల్ తొడుగును ఏకంగా మండించగలదు. రబ్బరు గొలుసులో ఆమ్లం ముందుగా దెబ్బతీసేది ద్విబంధాన్ని. నియోప్రీన్‌లో ఆ బంధం పక్కనే ఉన్న క్లోరిన్ దానికి కాపలా కాస్తుంది. అందుకే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి, గాఢ క్షారాలకు మోచేతి దాకా వచ్చే మందపాటి నియోప్రీన్‌ను నేను మొదటి ఎంపికగా చెబుతాను. అసిటిక్ ఆమ్లం పేరుకు ఆమ్లమైనా నీరు లేని స్థితిలో సాల్వెంటులాగే రబ్బరులోకి ఇంకుతుంది, దానికీ నియోప్రీన్ నైట్రైల్ కంటే ఎక్కువసేపు ఆగుతుంది.

ఆమ్లం వంపేటప్పుడు తొడుగు అంచును బయటికి మడిచి చిన్న దోనెలా చేసుకోవాలి. చేయి పైకెత్తినప్పుడు కారిన చుక్క మోచేతి వైపు జారకుండా ఆ మడతలోనే ఆగిపోతుంది.

వేడి సంగతికి వస్తే, ఈ మూడింటి మధ్య పోటీయే లేదు, మూడూ ఓడిపోతాయి. 0.1 మి.మీ. రబ్బరు గుండా 105 డిగ్రీల సీసా వేడి చర్మానికి చేరడానికి సమయమే పట్టదు. పైగా వేడికి అంటుకున్న పల్చటి రబ్బరును వెంటనే విప్పలేక కాలిన గాయం ఎక్కువవుతుంది. పొడిగా ఉన్న వేడి వస్తువుకు మందపాటి నూలు టెర్రీ లేదా అరామిడ్ తొడుగు కావాలి. ఈఎన్ 407 గుర్తులో మొదటి స్థాయి 100 డిగ్రీల స్పర్శను, రెండోది 250 డిగ్రీల స్పర్శను 15 సెకన్లు తట్టుకోవాలి, కాబట్టి 105 డిగ్రీల ఓవెన్‌కు రెండో స్థాయి తీసుకోవడం న్యాయం. కానీ ఆ నూలు తొడుగు తడిసి ఉంటే వేసుకోకూడదు: నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని మోస్తుంది, పిండిన చోటల్లా ఆవిరి పుడుతుంది. నీటి స్నానంలోంచి మరుగుతున్న ఫ్లాస్కును తీయడానికి, వేడి నూనె చిందే చోటికి లోపల నూలు అస్తరు, పైన నియోప్రీన్ పూత ఉన్న తొడుగు సరైనది. ఇక్కడ నియోప్రీన్ చేసే పని ద్రవాన్ని ఆపడం, వేడిని ఆపేది అస్తరే.

లేటెక్స్ గురించి నా మాటల్లో అన్యాయం కనిపిస్తుండవచ్చు. వేళ్లకు అతుక్కుని, సాగి, సన్నని సూదిని కూడా పట్టుకోనిచ్చే గుణంలో దానికి సాటి లేదు, నీటి ఆధారిత ద్రావణాలకు అది చాలు. కానీ చెట్టుపాలలోని ప్రోటీన్ల వల్ల కొందరికి తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. పొడి చల్లిన వైద్య గ్లవ్స్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2017 జనవరి నుంచి నిషేధించడానికి ఆ పొడి ప్రోటీన్లను గాలిలోకి మోసుకెళ్లడం కూడా ఒక కారణం. మా లాబ్‌లో లేటెక్స్ పెట్టె ఇప్పుడు లేదు.

ఇప్పుడు మా దగ్గర హుడ్ పక్కన మూడు కొక్కేలు ఉన్నాయి: హెక్సేన్ పనికి మందపాటి నైట్రైల్, ఆమ్లం బల్ల దగ్గర నియోప్రీన్, ఓవెన్ పక్కన టెర్రీ. అసిటోన్‌తో తొలిచే కొద్ది సెకన్ల పనికి మాత్రం పల్చటి నైట్రైల్ రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, తడిసిన పైజతను వెంటనే తీసేస్తాం. మళ్లీ వాడే తొడుగులతో ఒక ఇబ్బంది మిగిలే ఉంది. సాయంత్రం పైన తుడిచి కొక్కేనికి తగిలించినా, రబ్బరులో ఇంకిపోయిన టోలుయిన్ రాత్రంతా లోపలి వైపుకు నడుస్తూనే ఉంటుంది, తెల్లారి వేసుకునేసరికి వేళ్ల దగ్గర వాసన వస్తుంది. వాసన వచ్చిన జతను ఎంత కొత్తదైనా సాల్వెంటు వ్యర్థాల డ్రమ్ములో వేస్తాం.