కాఫీ తోటలో బస: గది కంటే ముందు నెల చూడండి

మా అనంతపురం నుంచి కళ్యాణదుర్గం, చళ్లకెరె, చిత్రదుర్గం మీదుగా చిక్కమగళూరు కొండలకు కారులో హాయిగా చేరుకోవచ్చు. బస వెతికేటప్పుడు అందరూ గది ఫోటోలు చూస్తారు. నేనైతే ముందు ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోమంటాను. టీ ఆకు దాదాపు ఏడాదంతా కోస్తారు కాబట్టి నీలగిరికి ఎప్పుడు వెళ్లినా కోత కనిపిస్తుంది. కాఫీ అలా కాదు. అరబికా పండు నవంబర్ నుంచి జనవరి దాకా కోస్తారు, రొబస్టా ఆ తర్వాత. జూన్ నుంచి వానలు, జలగలు. పచ్చదనం బాగుంటుంది గానీ నేర్చుకోవడానికి పెద్దగా పని జరగదు.

మేం డిసెంబర్‌లో వెళ్లాం. మొదట ఉన్న చోట గది, భోజనం బాగున్నాయి. తోట చూపిస్తామని పొద్దున పదకొండుకు తీసుకెళ్లి, నాలుగు మొక్కలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు చూపించి అరగంటలో ముగించారు. రెండో చోట గదులు సాదావి, వేడినీళ్లు కూడా పొద్దున మాత్రమే. కానీ అక్కడి రైటర్ (తోటల్లో లెక్కలు చూసే ఆయన్ని అలాగే పిలుస్తారు) మా కన్నడకు మురిసిపోయి, "పొద్దున మీరు నడవండి సార్, పని చూడాలంటే సాయంత్రం రండి" అన్నారు.

కారణం ఉంది. ఆ రోజు కోసిన పండు ఆ రోజే తొక్క తీసే యంత్రం, అంటే పల్పర్‌లో పడాలి, ఆలస్యమైతే పులిసి రుచి చెడుతుంది. అందుకే సాయంత్రం బస్తాలు తూకానికి వస్తాయి. పండ్లను నీళ్లలో పోస్తే తాలువి తేలతాయి, వాటిని వేరు చేస్తారు. తొక్క తీసిన గింజను ఒకటి రెండు రోజులు తొట్టిలో ఉంచి, జిగురు వదిలాక కడిగి, మన వేరుశనగ కళ్లంలో లాగే ఎండలో పరిచి తిరగేస్తూ ఉంటారు. వారం పది రోజులు పడుతుంది. పైపొర పెళుసుగా విరిగి, గింజ పంటి కింద టక్కున చీలితే ఎండినట్టు. రైటర్ మా అమ్మాయి చేత కొరికించి మరీ చూపించారు. సుమారు ఆరు కిలోల అరబికా పండ్లకు చివరికి మిగిలేది ఒక కిలో గింజ.

బుక్ చేసే ముందు ఫోన్‌లో రెండు విషయాలు అడగండి. పల్పర్ మీ తోటలోనే ఉందా? మేం వచ్చే వారంలో కోత ఉంటుందా? సకలేశపుర, కొడగు వైపైతే ఏనుగుల సంగతి కూడా అడగాలి. అక్కడ తెల్లవారుజామున తోట మనిషి తోడు లేకుండా నడవకూడదు.

తోటలో పొడి కొనాలనిపిస్తే ప్యాకెట్ తిప్పి చూడండి. ఎండిన గింజ పైపొర తీయడానికి సాధారణంగా బయటి క్యూరింగ్ వర్క్స్‌కు వెళ్తుంది, కాబట్టి అక్కడ అమ్మే పొడి ఆ తోటదే కావాలని లేదు. చికోరీ కలిపి ఉంటే ఎంత శాతమో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది.