సీల్ ప్యాక్ ఫొటోలు చూసి కొనేవాళ్లు ముందు ఆ ప్లాస్టిక్ అతుకు చూడండి

సీల్ కూడా తీయని కొత్త గ్రాఫిక్స్ కార్డు అంటే నమ్మి, ఫొటోలు చూసి కొన్నాను. పెట్టె తెరిస్తే లోపల వేరే కార్డు ఉంది. చాలా ఏళ్ల కిందటి మోడల్, ఒక ఫ్యాన్ రెక్క విరిగిపోయి ఉంది. అది అసలు కార్డు కంటే తేలిక కాబట్టి, బరువు సరిపోవడానికి అడుగున రెండు టైల్ ముక్కలు బబుల్ షీట్‌లో చుట్టి పెట్టారు. అమ్మినతనికి ఫోన్ చేస్తే ఒకటే మాట: "నేను సీల్ ప్యాకే ఇచ్చాను. సీల్ తీసింది మీరు. లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది?"

ఆ రాత్రి నిద్ర పట్టక, కొనకముందు అతను పంపిన ఆరు ఫొటోలు మళ్లీ తీసి, ఒక్కోటీ పెద్దది చేసి చూశాను. దాదాపు అన్ని ఆనవాళ్లూ వాటిలోనే ఉన్నాయి. అవి ఏమిటో, ఎలా పట్టుకోవాలో మీకైనా ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

మనందరం చేసే పొరపాటు పెట్టె ముందు వైపు చూడటం. బొమ్మ ఉన్న వైపు ఎవరు చుట్టినా నున్నగానే వస్తుంది. ప్లాస్టిక్ కథంతా వెనక వైపు, సన్నటి పక్కల్లో, మూలల్లో ఉంటుంది. ఫ్యాక్టరీలో ఇలాంటి పెట్టెను మెషిన్ చుడుతుంది. ఫిల్మ్‌ను వేడి బ్లేడుతో అతికించి కోసి, పెట్టెను వేడి గాలి నిండిన సొరంగం లాంటి దాంట్లోంచి కొన్ని సెకన్లు పంపుతుంది. అన్ని వైపుల నుంచీ ఒకేలా వేడి తగులుతుంది కాబట్టి ఫిల్మ్ అంతటా ఒకే బిగువుతో ముడుచుకుంటుంది. అతుకు గీత సన్నగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంతో ఉంటుంది. ఒకే బ్యాచ్ పెట్టెలన్నిటికీ ఇంచుమించు ఒకే చోట పడుతుంది.

ఇంట్లో మళ్లీ సీల్ వేసేవాళ్లు చేసేది వేరు. ఫిల్మ్ సంచిలో పెట్టె పెట్టి, అంచును చేతి సీలర్‌తో అతికించి, హీట్ గన్‌తోనో హెయిర్ డ్రయర్‌తోనో బిగిస్తారు. చెయ్యి ఎక్కువసేపు ఆగిన చోట ఫిల్మ్ మసకబారుతుంది, ఇంకా ఎక్కువైతే కరిగి చిల్లు పడుతుంది. వేడి తక్కువ తగిలిన చోట వదులుగా అలలు మిగిలిపోతాయి. నాకొచ్చిన రెండో ఫొటోలో, అంటే వెనక వైపు ఫొటోలో, కుడి కింది మూల దగ్గర విసనకర్ర మడతల్లా ముడతలు గుంపుగా ఉన్నాయి. ఎడమ పై మూల మాత్రం పాల పొర పట్టినట్టు తెల్లగా ఉంది. ఒకే పెట్టెకు ఒక మూల వదులు, ఇంకో మూల మాడు. అతుకు గీత చూస్తే ఒక చివర సన్నగా మొదలై, ఇంకో చివర చేరేసరికి మందమైన ముద్దగా మారింది.

గాలి బెజ్జాలు కూడా చూడాలి. ఫిల్మ్ ముడుచుకునేటప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి. అందుకని మెషిన్‌లో వాడే ఫిల్మ్‌కు చాలాసార్లు సూదిమొన అంత బెజ్జాలు సమానమైన ఎడంలో వరసగా ఉంటాయి. చేత్తో చుట్టేవాళ్లు ఒకటో రెండో తోచిన చోట పొడుస్తారు. వేడి తగలగానే ఆ బెజ్జం పెద్దదై, చుట్టూ మందమైన అంచు కడుతుంది. నా మూడో ఫొటోలో అలాంటి రంధ్రం స్పష్టంగా ఉంది. రవాణాలో ఎక్కడో గీసుకుని ఉంటుందని అప్పుడు అనుకున్నాను. కానీ గీసుకుంటే చీరిక పడుతుంది, గుండ్రంగా అంచు కట్టదు.

అయితే ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి చూసీ దొంగ సీల్ అని తేల్చేయకండి. అతుకు కాస్త వంకరగా ఉన్న నికార్సైన పెట్టెలూ ఉంటాయి. మూలల్లో చెవుల్లా కొంచెం ఫిల్మ్ మిగలడం మామూలే. అదే మోడల్ సీల్డ్ పెట్టెను ఇంకెవరైనా తెరిచిన వీడియోలు రెండు మూడు చూసి, అతుకు ఎక్కడుందో పోల్చండి. కొన్ని వస్తువులకు అసలు ప్లాస్టిక్ చుట్టే రాదు. ఉదాహరణకు 2021లో ఐఫోన్ 13 నుంచి యాపిల్ పెట్టె పైన ప్లాస్టిక్ తీసేసి, చింపే కాగితపు పట్టీలు పెట్టింది. అలాంటి పెట్టె నిగనిగలాడే ప్లాస్టిక్ చుట్టుతో కనిపిస్తే, ఆ ప్లాస్టిక్కే మీ అనుమానానికి మొదటి కారణం కావాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. ఫిల్మ్‌ను కాదు, ఫిల్మ్ కింద ఏముందో చూడండి. ప్లాస్టిక్ కొత్తది తెచ్చి చుట్టొచ్చు, కానీ ఒకసారి తెరిచిన అట్టపెట్టెను తెరవనట్టు చేయడం చాలా కష్టం. నా నాలుగో ఫొటో పెట్టె మూత వైపుది. మూత రెక్క మడిచే గీత పొడవునా రంగు లేచిపోయి తెల్లని అట్ట కనపడుతోంది. ఆ మడత ఎన్నోసార్లు విప్పి మూస్తేనే అంతలా అరుగుతుంది. రెక్క పూర్తిగా కూర్చోక, మధ్యలో కాస్త ఉబ్బి ఫిల్మ్‌ను పైకి నెడుతోంది. ఆ రెక్క మీద కంపెనీ వేసే గుండ్రని పారదర్శక స్టిక్కర్ ఉంది. పెద్దది చేసి చూస్తే దాని మధ్యలో, సరిగ్గా రెక్క సందు మీదుగా, వెంట్రుక అంత గీత మెరుస్తోంది. బ్లేడుతో కోసి, మళ్లీ మూసి, పైన ప్లాస్టిక్ చుట్టేశారు. పైకి సీల్ ఉంది, కింద సీల్ తెగి ఉంది. ఇది ఒక్కటి చూసినా నేను కొని ఉండేవాణ్ణి కాదు.

పెట్టె సొట్టలు కూడా ఇలాగే చూడొచ్చు. చుట్టిన తర్వాత మూల నలిగితే, అక్కడ ఫిల్మ్ కూడా నలిగి వదులవుతుంది, లేదా గీతలు పడి తెల్లబడుతుంది. నా పెట్టె మూల లోపలికి బాగా నొక్కుకుపోయి ఉంది. దాని మీద ఫిల్మ్ మాత్రం ఒక్క గీత లేకుండా బిగుతుగా ఉంది. అంటే ముందు పెట్టె నలిగింది, తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ఫిల్మ్ కింద వెంట్రుకో, దుమ్ము పోగో, పాత ధర స్టిక్కర్ ఊడదీసిన జిగురు మచ్చో కనిపించినా ఇదే లెక్క.

తర్వాత ఇంకో సంగతి గమనించాను. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫిల్మ్ మీద పడే ముడతలు ఏ రెండు పెట్టెలకూ ఒకేలా ఉండవు, వేలిముద్రల్లాంటివి. నా మొదటి ఫొటోలో పెట్టె పై కుడి మూల దగ్గర వై ఆకారంలో చిన్న ముడత ఉంది. అదే మూల నాలుగో ఫొటోలో పూర్తి నున్నగా ఉంది. అంటే మొదటి ఫొటో వేరే పెట్టెది. నిజంగానే సీల్‌తో ఉన్న ఇంకెవరి పెట్టె ఫొటోనో తెచ్చి ముందు పెట్టి, తన పెట్టె ఫొటోలు వెనక కలిపాడు. కాబట్టి ప్రతి ఫొటోలో ఒకే మూలను వెతికి, ముడతలు కలుస్తున్నాయో లేదో చూడండి. వెలుతురు మారితే మెరుపు మారుతుంది కానీ ముడత చోటు మారదు.

సీరియల్ నంబర్ విషయంలోనూ నేను పొరబడ్డాను. పెట్టె మీది నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి చూశాను. సరైన మోడల్ వచ్చింది, వారంటీ కూడా మిగిలి ఉందని చూపించింది. దాంతో ధైర్యం వచ్చేసింది. కానీ ఆ నంబర్ చెప్పేది పెట్టె గురించే, లోపలి వస్తువు గురించి కాదు. అసలు కార్డు వాడుకుని, ఖాళీ పెట్టెలో ఇంకోటి పెట్టినవాడికి ఆ నంబర్ నిజమైనదే ఉంటుంది. బరువు కూడా అంతే. తేడా ఉంటే మోసమని తెలుస్తుంది గానీ, సరిపోయినంత మాత్రాన మంచిదని అర్థం కాదు. టైల్ ముక్కలు పెట్టింది అందుకే కదా.

ఫొటో నాణ్యత సంగతి కూడా చెప్పాలి. మెసేజ్ యాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోయి, స్టిక్కర్ మీది కోత లాంటి సన్నటి గీతలు చెరిగిపోతాయి. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫ్లాష్ ఎదురుగా కొడితే ప్లాస్టిక్ మెరిసి అంతా కప్పేస్తుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా తీస్తే ముడతలు, అతుకు, కోతలు అన్నీ లేచి కనిపిస్తాయి.

ఒక హద్దు మాత్రం ఉంది. మంచి మెషిన్ ఉన్నవాడు పెట్టెను జాగ్రత్తగా తెరిచి మళ్లీ చుడితే ఫొటోలో ఎవరూ పట్టలేరు. ఫొటో చూసి "ఇది వద్దు" అనగలం గానీ "ఇది ఖాయంగా మంచిది" అనలేం. అందుకే కొరియర్ లేబుల్ నుంచి మొదలుపెట్టి, పెట్టె ఆరు వైపులూ చూపించి, తూకం వేసి, సీల్ కోసి, లోపలి వస్తువు మీద సీరియల్ నంబర్ కనిపించే దాకా ఎక్కడా కట్ లేకుండా వీడియో తీయండి. నా దగ్గర ఆ వీడియో లేదు. అతను "సీల్ తీసింది మీరు" అన్నప్పుడు చూపించడానికి ఏమీ లేకపోయింది.

ఇప్పుడు కొనే ముందు నేను పంపే మెసేజ్ ఇది, కావాలంటే మీరూ వాడుకోండి: "ఆరు వైపులా ఒక్కో ఫొటో, ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన తీసి డాక్యుమెంట్‌గా పంపండి. మూత రెక్క స్టిక్కర్ దగ్గరగా ఒకటి, వెనక అతుకు దగ్గరగా ఒకటి. పక్కన కాగితం మీద ఈ రోజు తేదీ రాసి పెట్టండి. తర్వాత పెట్టెను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ అర నిమిషం వీడియో."

పోయిన నెల ఇద్దరికి పంపాను. ఒకతను "సీల్ ప్యాక్ అన్నాను కదా, నమ్మకపోతే వదిలేయండి" అని బ్లాక్ చేశాడు. ఇంకొకావిడ పది నిమిషాల్లో అన్నీ పంపారు. అతుకు వెనక మధ్యలో సన్నగా తిన్నగా ఉంది, స్టిక్కర్ తెగలేదు, ప్రతి ఫొటోలోనూ ఎడమ కింది మూలలో అదే చిన్న ముడత. తీసుకున్నాను. వీడియో తీస్తూనే తెరిచాను. లోపల కార్డు మీది నంబర్, పెట్టె మీది నంబర్ కలిశాయి.