స్టెప్-అప్ ఈఎంఐ, మామూలు ఈఎంఐ: ఏది మేలు?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఇరవై ఏడేళ్ల యువకుడు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 50 లక్షల గృహరుణం తీసుకుంటున్నాడనుకుందాం. మామూలు పద్ధతిలో అతని ఈఎంఐ 43,391 రూపాయలు. జీతం ఏటా పెరుగుతుంది కాబట్టి మొదటి మూడేళ్లూ 35,417 రూపాయలే కట్టి, ఆ తర్వాత 46,415 కట్టవచ్చని చెప్పే స్టెప్-అప్ పథకం నెలకు దాదాపు ఎనిమిది వేలు మిగులుస్తుంది కనుక సహజంగానే ఆకర్షిస్తుంది.

అయితే 50 లక్షలపై ఒక నెల వడ్డీ సరిగ్గా ఆ 35,417 రూపాయలే. వాయిదాల పట్టిక అడిగి తీసుకుని చూస్తే, మొదటి ముప్ఫై ఆరు వరుసల్లోనూ 'అసలు' గడిలో సున్నా ఉంటుంది. మూడేళ్లలో 12.75 లక్షలు కట్టిన తర్వాత కూడా బాకీ 50 లక్షల దగ్గరే నిలుస్తుంది. మామూలు ఈఎంఐ కట్టినవారికి అప్పటికి 46.74 లక్షలకు దిగుతుంది. 20 ఏళ్లకూ లెక్క వేస్తే మామూలు పద్ధతిలో వడ్డీ 54.14 లక్షలు, స్టెప్-అప్‌లో 57.44 లక్షలు. వడ్డీ రేటు రెండింటిలోనూ ఒకటే కావడంతో, ఈ 3.30 లక్షల తేడా ప్రకటనలో ఎక్కడా కనబడదు.

ఈ తేడా మొత్తాన్నీ నష్టం అనడం న్యాయం కాదు. మూడేళ్లలో చేతిలో మిగిలే 2.87 లక్షలతో 14 శాతం వడ్డీ పడుతున్న వ్యక్తిగత రుణాన్ని తీర్చేవారికి స్టెప్-అప్ నిజంగానే లాభం. ఆ డబ్బు నెలవారీ ఖర్చుల్లో కలిసిపోతే మాత్రం అది 8.5 శాతానికి చేసిన కొత్త అప్పుతో సమానం.

వయసు అనుకూలంగా ఉన్నవారికి నేను సూచించేది మూడో దారి. అదే రుణాన్ని 30 ఏళ్ల గడువుతో తీసుకుంటే ఈఎంఐ 38,446 రూపాయలు, అంటే స్టెప్-అప్ కంటే నెలకు మూడు వేలు ఎక్కువ. మూడేళ్ల తర్వాత జీతం పెరిగినప్పుడు తానే 46,415 కట్టడం మొదలుపెడితే, రుణం దాదాపు 19 ఏళ్లకే తీరిపోయి, వడ్డీ 53.5 లక్షల దగ్గర ఆగుతుంది. వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ రేటు గృహరుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి, అదనంగా కట్టినందుకు ఖర్చేమీ ఉండదు. కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించవద్దని, గడువే తగ్గించమని రాతపూర్వకంగా కోరాలి.

ఈ దారిలో క్రమశిక్షణ మన చేతిలోనే ఉంటుంది, మూడేళ్ల తర్వాత పెంచకుండా వదిలేస్తే 30 ఏళ్ల వడ్డీ స్టెప్-అప్ కంటే చాలా ఎక్కువవుతుంది. కానీ నాలుగో ఏట ఉద్యోగం పోయినా, జీతం ఆశించినంత పెరగకపోయినా, స్టెప్-అప్ తీసుకున్నవారు 46,415 కట్టక తప్పదు. ఇతను మాత్రం 38,446 దగ్గరే ఆగవచ్చు.