వ్యాసాన్ని పాడ్‌కాస్ట్‌గా మార్చాలంటే ఏది మేలు: ఉన్నది చదవడమా, పాయింట్లతో మాట్లాడటమా, కొత్తగా రాయడమా?

గోదావరి వరదల మీద రాసిన పెద్ద వ్యాసం ఒకటి ఉందనుకుందాం. దాన్ని పది నిమిషాల పాడ్‌కాస్ట్‌గా చెయ్యాలి. ముందు మూడు దారులున్నాయి. వ్యాసాన్ని ఉన్నది ఉన్నట్టు చదివి రికార్డు చెయ్యొచ్చు. పాయింట్లు రాసుకుని మైకు ముందు కూర్చుని మాట్లాడెయ్యొచ్చు. లేదా వినేవాళ్ల కోసం స్క్రిప్టు మొత్తం కొత్తగా రాసుకోవచ్చు. అంకెలూ ఊళ్ల పేర్లూ ఎక్కువున్న ఇలాంటి వ్యాసానికి మూడోదే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే ఆ స్క్రిప్టు కీబోర్డు మీద మొదలవ్వకూడదు, నోటితో మొదలవ్వాలి.

ముందు ఉన్నది చదివేస్తే ఏమవుతుందో చూద్దాం. వ్యాసంలో ఈ వాక్యం ఉందనుకోండి:

“1986 ఆగస్టులో 75.6 అడుగులతో నమోదైన రికార్డు తర్వాత అత్యధికంగా 2022 జులైలో 71.3 అడుగుల నీటిమట్టం నమోదైన భద్రాచలం వద్ద, 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరికను అధికారులు జారీ చేస్తారు.”

అచ్చులో ఇది నడుస్తుంది. అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. పైగా తెలుగులో వర్ణన అంతా ముందు వచ్చి, అది ఏ ఊరి గురించో తర్వాత తెలుస్తుంది. అసలు క్రియ చిట్టచివర వస్తుంది. రెండు సంవత్సరాలు, ఐదు కొలతలు చేతిలో పట్టుకుని వినేవాడు చివరిదాకా ఎదురుచూడాలి. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి అంతవరకు ఆగడు, మనసు కిటికీలోంచి బయటికి పోతుంది. అదే సంగతిని చెవికి ఇలా చెప్పొచ్చు:

“భద్రాచలం దగ్గర గోదావరికి మూడు గీతలున్నాయనుకోండి. నలభై మూడు అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక. ఇంకో ఐదడుగులు పెరిగితే రెండోది. మరో ఐదడుగులకు మూడోది, అంటే యాభై మూడు. 2022 జులైలో నది ఎక్కడిదాకా వచ్చిందో తెలుసా? డెబ్బై ఒక్క అడుగులు దాటింది. మూడో గీత మునిగి, దానిపైన ఇంకో పద్దెనిమిది అడుగుల నీళ్లన్నమాట. నమోదైన లెక్కల్లో అంతకంటే ఎక్కువ వచ్చింది ఒక్క 1986లోనే.”

వాక్యాలు చిన్నవవ్వడం ఒక్కటే కాదు ఇక్కడ జరిగింది. ఊరి పేరు ముందుకొచ్చింది. 48 అనే అంకె పోయి, దాని బదులు ఐదడుగుల తేడా మిగిలింది. వ్యాసంలో లేని పద్దెనిమిది కొత్తగా వచ్చింది, ఎందుకంటే వినేవాడికి కావలసిన తీసివేత మనమే చేసిపెట్టాం. 75.6 పూర్తిగా తప్పుకుంది. కచ్చితమైన అంకెలు కావాలనుకునేవాళ్ల కోసం వాటిని ఎపిసోడ్ కింద రాసే వివరణలో పెడితే సరిపోతుంది.

ఉన్నది చదవడంలో ఇంకో ప్రమాదం కొటేషన్ గుర్తులది. అవి చెవికి వినపడవు. “శబరి పోటెత్తితే భద్రాచలంలో వరద త్వరగా తగ్గదు, అని ఇంజినీర్లు చెబుతారు” అని చదివితే, చివరి రెండు మాటలు వచ్చేవరకు అది చదివే మనిషి సొంత మాటలాగే వినపడుతుంది. వరద లెక్కయితే పెద్ద నష్టం లేదు. ఒక నాయకుడు మరొకరి మీద చేసిన ఆరోపణ అయితే? అందుకే చెవికి ఎవరన్నారో ముందు చెప్పాలి, ఏమన్నారో తర్వాత.

ఇక పాయింట్ల పద్ధతి. మాటలో ఊపిరి ఉంటుంది, ఎక్కడా చదువుతున్నట్టు అనిపించదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే ఎపిసోడ్‌కి ఇదే సరైనది, ఎందుకంటే ఒకరు దారి తప్పితే రెండోవాళ్లు “ఆగండి, కూనవరం ఎక్కడుంది?” అని అడుగుతారు. ఒక్కరే మాట్లాడేటప్పుడు ఆ బ్రేకు ఉండదు. శబరి సంగతే తీసుకోండి. ఆ నది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడ శబరి నిండుగా ఉంటే గోదావరి నీరు ముందుకు త్వరగా సాగదు, ఎగువన భద్రాచలంలో మట్టం నిలబడిపోతుంది. కారణం కింద ఉంది, ఫలితం పైన కనిపిస్తోంది. దీన్ని అప్పటికప్పుడు చెప్పబోతే భద్రాచలం నుంచి కూనవరానికి, మళ్లీ వెనక్కి, “అదే నేను చెప్పేదేంటంటే” అంటూ తిరుగుతాం. వినేవాడికి నది ఎటు పారుతోందో కూడా తెలియకుండా పోతుంది. పైగా నోటికి తప్పు అంకె వచ్చిందని ఎడిటింగ్‌లో తెలిస్తే, ఆ ఒక్క ముక్క మళ్లీ రికార్డు చేసి అతికించినా గొంతు కలవదు.

అందుకని నేను చెప్పే దారి ఇది. వ్యాసం రెండుసార్లు చదివి మూసెయ్యండి. దాన్ని చదవని మనిషి ఒకరిని కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, సంగతి చెప్పండి. మీరు దేనితో మొదలుపెట్టారు, ఏ వరసలో వెళ్లారు, ఏది వదిలేశారు అన్నదే స్క్రిప్టుకి చట్రం. ఎదుటివాళ్లు “అంటే?” అన్న ప్రతిచోటా ఇంకో వాక్యం కావాలని అర్థం. క్యూసెక్కు దగ్గర తప్పకుండా అంటారు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, దాదాపు 28 లీటర్లు, అని ఒక్కసారి చెప్పి ముందుకెళ్లాలి. ఆ తర్వాత రికార్డింగ్ విని టైప్ చేసి, ప్రతి అంకెనూ వ్యాసంతో సరిచూసి, పైకి చదవాలి. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టాలి. నిడివి కూడా ఇక్కడే తేలుతుంది. నిమిషానికి 150 పదాలన్న లెక్క ఇంగ్లిష్‌ది. మన పదాలు పొడుగు కాబట్టి ఒక పేజీకి టైమర్ పెట్టి సొంత లెక్క చూసుకోవడం మంచిది.

ఈ పైకి చదవడంలోనే కొన్ని ఉచ్చులు బయటపడతాయి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. వ్యాసంలో పట్టిక ఉంటే ఎవరూ తికమకపడరు. చెవికి మాత్రం భద్రాచలం 43, వెంటనే ధవళేశ్వరం 11.75 అని వినిపిస్తే, కింద వరద నాలుగో వంతే అనుకుంటారు. కొలిచే చోటు వేరు, స్కేలు వేరు అని వివరించేకంటే, ధవళేశ్వరం దగ్గర అడుగులు వదిలేసి “పది లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి హెచ్చరిక” అనడం మేలు. స్క్రిప్టులో కూడా అలా అక్షరాల్లోనే రాసుకోవాలి. 10,00,000 అని ఉంటే చదివేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకుంటూ తడబడతాం.

వీడియో అయితే పేజీని నిలువుగా రెండుగా విడదీసి, ఒకవైపు బొమ్మ, ఒకవైపు మాట రాసుకోవాలి. కూనవరం మ్యాపు తెరమీద ఉంటే ఎగువ, దిగువ అని నాలుగు వాక్యాలు అక్కర్లేదు, ఒకటి చాలు. కానీ తెరమీద 71.3 వేసి నోటితో “డెబ్బై ఒకటి దాటింది” అనకూడదు. చూసేవాళ్లు రెండింటినీ పోల్చుకుంటూ తర్వాతి మాట పోగొట్టుకుంటారు. వీడియోలో రెండూ ఒకటే ఉండాలి.

ఉన్నది చదవడం పూర్తిగా పనికిరానిదేమీ కాదు. కథలకు, రచయిత వాక్యమే ప్రాణమైన కాలమ్‌లకు, చూపులేనివాళ్లకు అచ్చులో ఉన్నది అక్షరాలా అందించాల్సినప్పుడు అదే సరైనది, అక్కడ మార్చే హక్కు మనకు లేదు.

నోటితో మొదలయ్యే స్క్రిప్టుకి టైమ్ పడుతుంది, అది నిజం. పది నిమిషాల ఎపిసోడ్‌కి ఒక పూట పోతుంది. వరద వస్తున్న రోజే ఎపిసోడ్ వెళ్లాలంటే అంత తీరిక దొరకదు. అప్పుడు మొదటి రెండు వాక్యాలు, అంకెలున్న ప్రతి వాక్యం, ఎవరో అన్న ప్రతి మాట పూర్తిగా రాసుకుని, మిగతాది పాయింట్లతో నడపండి.